బరువులు ఎత్తే మహిళకు మెనోపాజ్‌లో తిండి: కండ, ఎముక, పొట్ట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డైటీషియన్‌ని. నాకు యాభై ఆరేళ్లు, వారానికి మూడు రోజులు బరువులు ఎత్తుతాను. నా దగ్గరికి వచ్చే నా ఈడు ఆడవాళ్లలో చాలామంది ఒకే పొరపాటుతో వస్తారు. పొట్ట పెరుగుతోందని జిమ్‌లో చేరతారు, అదే రోజు నుంచి తిండి సగం చేసేస్తారు. నాలుగు నెలలకు బరువు తగ్గుతుంది కానీ పొట్ట పెద్దగా కదలదు, ఎత్తే బరువు పెరగదు, మోకాళ్లలో సత్తువ ఉండదు. ఇక్కడి ప్రశ్నలన్నీ దాదాపు ఆ పొరపాటు చుట్టూ తిరిగేవే.

నేను తినేది ఏమీ మారలేదు. మరి పొట్ట ఎందుకు వస్తోంది?

తిండి మారకపోయినా పొట్ట వస్తుంది. ఈస్ట్రోజెన్ బాగా ఉన్నంతకాలం శరీరం మిగులు కొవ్వును ఎక్కువగా తుంటి మీద, తొడల మీద దాస్తుంది. ఆ హార్మోన్ తగ్గే కొద్దీ దాచే చోటు పొట్టకు మారుతుంది. అందులో కొంత చర్మం కింద చేరుతుంది, కొంత లోపల కాలేయం, పేగుల చుట్టూ చేరుతుంది. షుగర్, గుండె జబ్బులతో ఎక్కువ సంబంధం ఉన్నది ఈ లోపలి కొవ్వుకే.

అమెరికాలో మధ్యవయసు మహిళలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అనే అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. నెలసరి గతి తప్పే దశ మొదలవగానే కొవ్వు పెరిగే వేగం రెట్టింపు అయింది, అప్పటిదాకా నెమ్మదిగా పెరుగుతున్న కండ తగ్గడం మొదలుపెట్టింది. ఆఖరి నెలసరి తర్వాత రెండేళ్ల దాకా ఇలాగే సాగి, ఆ తర్వాత నిలకడకు వచ్చింది. కొవ్వు పెరుగుతూ కండ కరుగుతుంటే త్రాసు మీద అంకె పెద్దగా కదలదు. ‘బరువు అంతే ఉంది, కానీ పాత జాకెట్లు పట్టడం లేదు’ అనే ఫిర్యాదు వెనక జరుగుతున్నది ఇదే.

అంటే నా మెటబాలిజం పడిపోయినట్టేనా?

అందరూ అనుకునేంత కాదు. 2021లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 29 దేశాలకు చెందిన ఆరువేల మందికి పైగా మనుషులు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో కొలిచారు. శరీర పరిమాణాన్ని, అందులోని కండను లెక్కలోకి తీసుకుంటే ఇరవై నుంచి అరవై ఏళ్ల మధ్య ఆ ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది. మెనోపాజ్ దగ్గర పెద్ద పల్లం ఏమీ లేదు.

మరి తేడా ఎక్కడ వస్తోంది? కండ తగ్గితే దాని ఖర్చూ తగ్గుతుంది. వేడి ఆవిర్లతో రాత్రి నాలుగు సార్లు లేచినవాళ్లు పగలు తక్కువ కదులుతారు, సాయంత్రానికి తీపి వైపు చెయ్యి వెళ్తుంది. ఇవన్నీ రోజుకు వంద, నూట యాభై కేలరీలు అటూ ఇటూ చేసే చిన్న విషయాలు. వీటి కోసం తిండిని వెయ్యి కేలరీలకు దించాల్సిన అవసరం లేదు. దించితే ఏమవుతుందో తర్వాతి జవాబులో ఉంది.

పొట్ట తగ్గాలంటే తక్కువ తినక తప్పదు కదా. ఎంత తగ్గించాలి?

తప్పదు. పొట్ట దగ్గరి కొవ్వును మాత్రమే కరిగించే తిండి లేదు, వ్యాయామమూ లేదు. ఎన్ని క్రంచెస్ చేసినా పొట్ట కండ గట్టిపడుతుంది గానీ దాని మీది కొవ్వు అలాగే ఉంటుంది. మొత్తం శరీరం కాస్త లోటులో ఉంటేనే, అంటే ఖర్చు కంటే కాస్త తక్కువ తింటేనే కొవ్వు కరుగుతుంది. చిక్కల్లా లోటు ఎంత అన్నదే.

బరువు తగ్గేటప్పుడు కొవ్వు ఒక్కటే పోదు, కండా ఎముకా కూడా కొంత పోతాయి. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక ప్రయోగంలో ఊబకాయం ఉన్న పెద్దవయసు వాళ్ల చేత తిండి తగ్గించి, రకరకాల వ్యాయామాలు చేయించారు. నడక లాంటి ఏరోబిక్ వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో కండ 5 శాతం, తుంటి ఎముక సాంద్రత 3 శాతం తగ్గాయి. బరువులు ఎత్తినవాళ్లలో కండ నష్టం 2 శాతం, ఎముక నష్టం 1 శాతం దగ్గర ఆగింది. బరువులు కాపాడతాయి, కానీ పూర్తిగా కాపాడవు. తిండి మరీ తక్కువైతే ఆ కాపుదల కూడా పనిచేయదు, ఎందుకంటే కొత్త కండ కట్టడానికి శరీరం దగ్గర సరుకు ఉండదు.

నేను చెప్పే లెక్క ఇది. ముందు బరువు నిలకడగా ఉండేంత తిండి ఎంతో కనుక్కోండి. దానిలోంచి రోజుకు 250 నుంచి 300 కేలరీలు మాత్రమే తగ్గించండి. నెలకు ఒక కిలో తగ్గితే చాలు. అంతకంటే వేగంగా తగ్గుతుంటే సంతోషించకండి, పోతున్నది ఏమిటో చూసుకోండి. ఎముక ఇప్పటికే బలహీనంగా ఉందని స్కాన్‌లో తేలినవాళ్లు ఇంకా నిదానంగా, డాక్టర్‌కు చెప్పి మొదలుపెట్టాలి.

ఒక ఉదాహరణ చెబుతారా?

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. వివరాలు కొంచెం మార్చాను. వయసు 52, ఎత్తు 158 సెంటీమీటర్లు, నెలసరి ఆగి ఏడాదిన్నర. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నుపూస టీ-స్కోర్ మైనస్ 1.9. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఆస్టియోపీనియా అంటారు. అంటే ఎముక పలచబడింది గానీ ఇంకా ఆస్టియోపోరోసిస్ కాలేదు.

ఆవిడ నాలుగు నెలలు రోజుకు 1,200 కేలరీలు తిని 68 కిలోల నుంచి 64కు వచ్చారు. నడుము 91 సెంటీమీటర్ల నుంచి 89కి వచ్చింది, అంతే. డెడ్‌లిఫ్ట్ 45 కిలోల నుంచి 40కి పడిపోయింది. నేను అన్నిటికంటే ముందు చూసింది ఈ ఆఖరి అంకెనే. కొత్తగా బరువులు మొదలుపెట్టిన మనిషికి నాలుగు నెలల్లో బలం పెరగాలి. తగ్గిందంటే తిండి చాలడం లేదు, లేదా నిద్ర లేదు. ఆవిడకు రెండూ నిజమే.

ఆవిడ తినే తిండి రాయించాను. ఉదయం కాఫీ, ఒక ముక్క బ్రెడ్డు. మధ్యాహ్నం కూరగాయల సలాడ్. సాయంత్రం పండు. రాత్రి సూప్, ఒక గుడ్డు. ప్రొటీన్ మొత్తం లెక్కేస్తే 40 గ్రాములు దాటలేదు.

మొదట లోటు పూర్తిగా ఆపించాను. ఆవిడ ఎత్తు, బరువు, వయసు, కదలిక బట్టి నిలకడ తిండి దాదాపు 1,700 కేలరీలు. ఒక్కసారిగా కాకుండా రెండు వారాల్లో అక్కడికి తెచ్చి, మొత్తం ఎనిమిది వారాలు అక్కడే ఉంచాం. ఆవిడకు పెద్ద టెన్షన్, మళ్లీ లావైపోతానేమోనని. మొదటి పది రోజుల్లో ఒక కిలో పెరిగారు కూడా. అది చాలావరకు నీళ్లూ, కండ దాచుకునే చక్కెర నిల్వ అయిన గ్లైకోజెనూ, తర్వాత ఆగిపోయింది.

భోజనాలు ఇలా మార్చాం. ఉదయం రెండు గుడ్లు, ఒక కప్పు పెరుగు, రెండు బ్రెడ్డు ముక్కలు: దాదాపు 23 గ్రాముల ప్రొటీన్. మధ్యాహ్నం 100 గ్రాముల వండిన చేప, ధాన్యం, కూర: 27. జిమ్ తర్వాత పాలల్లో కలిపిన ఒక స్కూప్ వే ప్రొటీన్: 30. రాత్రి ఒక కప్పు ఉడికిన పప్పు, ధాన్యం, కూరలు: 22. మొత్తం 102 గ్రాములు. ఆవిడ బరువుకు కిలోకు 1.6 గ్రాముల లెక్కన వచ్చేదీ ఇదే. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలు క్యాల్షియం కోసం పెట్టాం. దానితో ప్రొటీన్ ఇంకో 8 గ్రాములు కలిసింది.

ఎనిమిది వారాలకు డెడ్‌లిఫ్ట్ 50 కిలోలు దాటింది. అప్పుడు మాత్రమే తిండిని 1,450కి దించాం. తగ్గించింది ధాన్యాన్నీ నూనెనీ, ప్రొటీన్‌ను ముట్టుకోలేదు. మరో నాలుగు నెలలకు బరువు 62, నడుము 84. మొదటి నాలుగు నెలల్లో నాలుగు కిలోలు పోతే నడుము రెండు సెంటీమీటర్లు తగ్గింది. ఈసారి కిలోలు తక్కువే పోయాయి, నడుము మాత్రం ఐదు తగ్గింది. పోయిన బరువు దేనిదో ఈ తేడాను బట్టి ఊహించవచ్చు. అందరికీ ఇంత చక్కగా జరగదు, రెండు నెలలు అంకె కదలనివాళ్లనూ చూశాను.

రోజుకు ఎంత ప్రొటీన్ కావాలి?

పెద్దవాళ్లందరికీ మామూలుగా చెప్పే కిలోకు 0.8 గ్రాములు లోపం రాకుండా ఉండటానికి సరిపడే కొలత. బరువులు ఎత్తుతూ కండ నిలుపుకోవాలనుకునే యాభై దాటిన మహిళకు అది చాలదు. 1.2 కంటే తగ్గకుండా, 1.6 దగ్గరకు చేరేలా చూసుకోండి. ఎన్నో ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో సగటున 1.6 దాటాక కండ పెరుగుదలలో అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. కాబట్టి రెండు, రెండున్నర గ్రాముల వెంట పడనక్కర్లేదు. బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లు ఇప్పటి బరువుతో కాకుండా చేరాలనుకునే బరువుతో లెక్క వేసుకోవచ్చు.

మొత్తం ఎంత అన్నదే ముఖ్యం. తర్వాత చూడాల్సింది అది రోజంతా ఎలా పడుతోందని. వయసు పెరిగే కొద్దీ కండ కొద్దిపాటి ప్రొటీన్‌కు స్పందించడం మానేస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో 15 గ్రాములతో కదిలే యంత్రం ఇప్పుడు పాతిక, ముప్పై పోస్తే గానీ కదలదు. అందుకే ఉదయం ఐదు గ్రాములు, మధ్యాహ్నం పది, రాత్రి అరవై తినేవాళ్లకు మొత్తం 75 పడినా కండకు మంచి అవకాశం రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. చాలామందికి సరిచేయాల్సింది ఉదయం పూట తిండే.

మాంసం, గుడ్డు తినను. నాకు సాధ్యమేనా?

సాధ్యమే, కానీ కాస్త లెక్క చూసుకోవాలి. ఒక కప్పు ఉడికిన పప్పులో 17 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. కప్పు అంటే చిక్కగా ఉడికిన పప్పుతో నిండిన 200 గ్రాముల కప్పు. పలచటి చారులో తేలే రెండు గరిటెల పప్పును కప్పుగా లెక్కేసుకుని ‘నేను రోజూ పప్పు తింటాను కదా’ అనేవాళ్లు ఎందరో.

శాకాహారికి నేను మొదట చెప్పేది సోయా. మీల్ మేకర్ అని మనం పిలిచే ఎండు సోయా ముక్కలు 50 గ్రాముల్లో పాతిక గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గట్టి టోఫు 100 గ్రాముల్లో 12 నుంచి 15 దాకా వస్తుంది. పైగా క్యాల్షియం ఉప్పుతో గట్టిపరిచిన టోఫు అయితే ఎముకకూ పనికొస్తుంది, ప్యాకెట్ వెనక క్యాల్షియం సల్ఫేట్ అని ఉందేమో చూడండి. పాలు తాగే అలవాటు ఉంటే పాలు, నీరు తీసిన చిక్కటి పెరుగు, వే ప్రొటీన్ మిగతా ఖాళీని నింపేస్తాయి. పాలు కూడా ముట్టనివాళ్లు సోయా, బఠానీ ప్రొటీన్ పొడులు వాడుకోవచ్చు, విటమిన్ బి12 మాత్రం విడిగా తీసుకోవాలి.

గింజలను, బాదం లాంటివాటిని ప్రొటీన్ ఆహారంగా లెక్కేయకండి. అవి మంచివే. కానీ పాతిక గ్రాముల ప్రొటీన్ కోసం బాదం తింటే దాదాపు 700 కేలరీలు లోపలికి వెళ్తాయి.

ఎక్కువ ప్రొటీన్ తింటే ఎముకల్లోంచి క్యాల్షియం పోతుందట, కిడ్నీలు పాడవుతాయట?

ఎముక సంగతి పాత భయం. ప్రొటీన్ పెరిగితే మూత్రంలో క్యాల్షియం పెరుగుతుందన్నది నిజం. అది ఎముక నుంచి వస్తోందని ఒకప్పుడు అనుకున్నారు. తర్వాత చూస్తే పేగు ఎక్కువ క్యాల్షియం పీల్చుకోవడం వల్ల వచ్చిన భాగమే అందులో ఎక్కువ. ఎముక గట్టి పదార్థంలో మూడో వంతు దాకా కొలాజెన్ లాంటి ప్రొటీన్లే ఉంటాయి కాబట్టి, ప్రొటీన్ తక్కువైతేనే ఎముకకు నష్టం.

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీకి ఈ మోతాదులో ఇబ్బంది లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు. షుగర్, బీపీ చాలాకాలంగా ఉన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుని డాక్టర్‌తో మాట్లాడాలి.

క్యాల్షియం మాత్ర వేసుకోవాలా?

యాభై దాటిన మహిళకు రోజుకు 1,200 మిల్లీగ్రాములు అన్నది ఎక్కువగా వాడే కొలత. తిండిలోంచి ఎంత వస్తోందో ముందు కూడండి, లోటు ఉంటే ఆ లోటుకు మాత్రమే మాత్ర. ఒక పెద్ద గ్లాసు పాలు 300, ఒక కప్పు పెరుగు 180 నుంచి 300 దాకా (కప్పు ఎంత పెద్దదన్నదాన్ని బట్టి), పాలు లేకుండా మిగతా తిండి అంతా కలిపి చాలామందికి 250 దగ్గర. రోజుకు రెండు గ్లాసుల పాలు, ఒక కప్పు పెరుగు తీసుకునే మనిషికి మాత్ర అవసరం దాదాపు ఉండదు. పాల పదార్థాలు ఏవీ తీసుకోని మనిషికి 950 మిల్లీగ్రాముల దాకా లోటు ఉండొచ్చు.

పాలకూర మీద ఆశ పెట్టుకోకండి. అందులో క్యాల్షియం ఉన్నమాట నిజమే కానీ ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది, శరీరానికి అందేది 5 శాతం దగ్గర. పాలలోంచి అందేది దాదాపు 30 శాతం.

మాత్ర కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను నమ్మకండి. క్యాల్షియం కార్బనేట్‌లో అసలు క్యాల్షియం 40 శాతమే, అంటే 1,250 మిల్లీగ్రాముల కార్బనేట్ మాత్ర ఇచ్చేది 500. దాన్ని భోజనంతో వేసుకోవాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది. ఎసిడిటీ మాత్రలు రోజూ వాడేవాళ్లకు క్యాల్షియం సిట్రేట్ నయం, అది ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఒకేసారి 500 దాటితే పీల్చుకునే శాతం తగ్గిపోతుంది. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ చివరి విషయం పాటించక, థైరాయిడ్ మోతాదు పెంచుకుంటూ పోయినవాళ్లను చూశాను. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మాత్ర మొదలుపెట్టకూడదు.

విటమిన్ డి తక్కువగా ఉంటే సరిచేసుకోవాల్సిందే, లేకపోతే క్యాల్షియం సరిగా అందదు. కానీ ఇప్పటికే సరిపడా ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ మింగితే ఎముక ఇంకా గట్టిపడదు. రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగంలో, మామూలు ఆరోగ్యంతో ఉన్న మధ్యవయసు, పెద్దవయసు వాళ్లలో ఎముక విరగడం తగ్గలేదని 2022లో తేలింది.

తిండి ఇంత సరిగ్గా తింటే ఎముక సాంద్రత పెరుగుతుందా?

తిండితో మాత్రమే పెరగడం కష్టం. క్యాల్షియం, ప్రొటీన్ ఇటుకలు, సిమెంటు లాంటివి. గోడ ఎక్కడ కట్టాలో ఎముకకు చెప్పేది దాని మీద పడే బరువు. ఆస్ట్రేలియాలో జరిగిన లిఫ్ట్‌మోర్ ప్రయోగంలో ఎముక పలచబడిన, మెనోపాజ్ దాటిన మహిళల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఎనిమిది నెలలు బరువులు ఎత్తించారు. డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, ఓవర్‌హెడ్ ప్రెస్ ఒక్కోటీ ఐదు సార్ల చొప్పున ఐదు సెట్లు. బరువు వాళ్లు ఒక్కసారి ఎత్తగలిగిన గరిష్ఠంలో 80 నుంచి 85 శాతం. వాటితో పాటు పై నుంచి దూకి నేల మీద గట్టిగా దిగే వ్యాయామం. వాళ్ల నడుము వెన్నుపూసలో సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లలో 1.2 శాతం తగ్గింది. 2018లో వచ్చిన ఫలితాలివి.

ఇందులో రెండు విషయాలు మరిచిపోవద్దు. అది పక్కన శిక్షకులు నిలబడి, మొదటి నెలంతా నిదానంగా నేర్పించాక చేయించిన పని. సొంతంగా ఇంట్లో మొదలుపెట్టేది కాదు. రెండోది, చేతిలో కిలో డంబెల్ పట్టుకుని ముప్పై సార్లు ఊపితే ఎముకకు కబురు అందదు.

టీ-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకంటే దిగువకు గానీ వెళ్లినా, చిన్న పడటానికే ఎముక విరిగినా, మందు గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. తిండీ బరువులూ ఆ మందుకు తోడు వస్తాయి, దాని స్థానంలోకి రావు. స్వాన్ అధ్యయనం ప్రకారం ఎముక అన్నిటికంటే వేగంగా తగ్గేది ఆఖరి నెలసరికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా. హార్మోన్ చికిత్స మీకు తగునా అనే మాట కూడా డాక్టర్‌ను అడగాల్సింది ఆ రోజుల్లోనే.

ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేస్తే పొట్ట త్వరగా తగ్గుతుందా?

తిన్న కేలరీలు ఒకటే అయితే పెద్ద తేడా ఉండదు. నాకు దానితో ఉన్న పేచీ వేరు. రోజులో తినే సమయం ఆరు గంటలే అయితే పాతిక, ముప్పై గ్రాముల ప్రొటీన్ ఉన్న భోజనాలు మూడు పట్టించడం కష్టం, రెండే పడతాయి. పొద్దున్నే ఖాళీ కడుపుతో బరువులు ఎత్తి మధ్యాహ్నం దాకా ఏమీ తినని పద్ధతి ఈ వయసులో మరీ అనవసరం. రాత్రి ఎనిమిదికి తినడం ఆపి ఉదయం ఎనిమిదికి తింటే పన్నెండు గంటలు ఎలాగూ గడుస్తాయి. అర్ధరాత్రి చిరుతిళ్లు ఆగడానికి అది చాలు.

క్రియేటిన్ వాడొచ్చా?

వాడొచ్చు. రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియేటిన్ మోనోహైడ్రేట్, ఏ పూటైనా. బరువులు ఎత్తుతున్నవాళ్లకు బలంలో, కండలో కొద్దిపాటి లాభం ఉంటుంది, ఎత్తనివాళ్లకు దాదాపు లేదు. ఎముక సాంద్రత పెరుగుతుందన్న ప్రచారాన్ని నమ్మకండి. మెనోపాజ్ దాటిన మహిళలకు రెండేళ్ల పాటు ఇచ్చి చూసిన ప్రయోగంలో తుంటి, వెన్నుపూస సాంద్రత మీద ప్రభావం కనిపించలేదు.

మొదట్లో ఒక కిలో దాకా బరువు పెరిగితే అది కండలో చేరిన నీరు. రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించవచ్చు కాబట్టి వాడుతున్నట్టు డాక్టర్‌కు ముందే చెప్పండి. లేకపోతే కిడ్నీ గురించి లేనిపోని కంగారు.

సరైన దారిలో ఉన్నానని ఎలా తెలుస్తుంది?

నేను మూడు అంకెలు రాయిస్తాను. వారానికి మూడు రోజులు ఉదయం చూసిన బరువుల సగటు. రెండు వారాలకోసారి నడుము కొలత. జిమ్‌లో ఎత్తిన బరువులు.

నడుము కొలిచేది బొడ్డు దగ్గరో పాంట్ కట్టుకునే చోటో కాదు. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు బిగించకుండా. మీ ఎత్తులో సగం కంటే నడుము తక్కువ ఉంటే మంచిది.

నడుము తగ్గుతూ ఎత్తే బరువు నిలిచినా పెరిగినా అంతా సవ్యంగా ఉన్నట్టే, త్రాసు ఏం చెప్పినా సరే. బరువు తగ్గుతూ జిమ్‌లో బలం కూడా రెండు మూడు వారాలు వరుసగా పడిపోతుంటే లోటు ఎక్కువైంది, 150 నుంచి 200 కేలరీలు వెనక్కి ఇవ్వండి. నడుమూ బరువూ రెండూ ఆరు వారాలు కదలకపోతే, లెక్కలోకి రాని నూనె, సాయంత్రపు టీతో బిస్కెట్లు, వారాంతపు వైన్ ఒకసారి నిజాయితీగా రాసి చూడండి.

కొవ్వు శాతం చూపించే ఇంటి త్రాసులను పెద్దగా పట్టించుకోకండి. ముందు రోజు ఉప్పు ఎక్కువ తిన్నా, నీళ్లు తక్కువ తాగినా వాటి అంకె మారిపోతుంది. డెక్సా స్కాన్ కూడా ఆరు నెలలకోసారి చేయించుకోవడంలో అర్థం లేదు. ఎముకలో వచ్చే మార్పు చిన్నది, యంత్రం పొరపాటులోనే కలిసిపోతుంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, అదీ ఎప్పుడూ ఒకే చోట అదే యంత్రం మీద.

బరువులు ఎత్తుతుంటే ఆయాసం, నీరసం. ఐరన్ మాత్ర వేసుకోనా?

పరీక్ష చేయించకుండా వద్దు. మెనోపాజ్‌కు ముందు రెండు మూడేళ్లు నెలసరి చాలా ఎక్కువగా అయ్యేవాళ్లలో ఐరన్ అడుగంటుతుంది, హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా, ఐరన్ నిల్వను చూపించే ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు. వాళ్లకు మాత్ర కావాలి, క్యాల్షియంతో కలపకుండా వేరే పూట వేసుకోవాలి. నెలసరి పూర్తిగా ఆగినవాళ్లకు ఐరన్ అవసరం సగానికి పైగా తగ్గిపోతుంది. వాళ్లలో ఫెరిటిన్ తక్కువగా కనిపిస్తే మాత్ర ఒక్కటే వేసుకుని ఊరుకోకూడదు, రక్తం ఎక్కడ పోతోందో డాక్టర్ వెతకాలి. ఏడాది పాటు ఆగిన నెలసరి మళ్లీ కనిపించినా, అది ఒక్క చుక్కే అయినా, జిమ్ బ్యాగు పక్కన పెట్టి ముందు గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.